తొమ్మిది అంగుళాల గోడకు బాండు అక్కర్లేదన్న మాటపై

అందరికీ పంపమంటూ తిరుగుతున్న సందేశం ఇది: “తొమ్మిది అంగుళాల గోడకు బాండు గీండు అక్కర్లేదు. బాండంటే అందం కోసమే. మంచి సిమెంటు వేస్తే ఇటుక ఎలా పేర్చినా పట్టుకుంటుంది. వంకరుంటే ప్లాస్టరింగులో సరిపోతుంది. అందరికీ పంపండి.”

బాండంటే కింది వరస నిలువు సందు మీద పై వరస సందు పడకుండా ఇటుకలు పేర్చే పద్ధతి. ముందు సిమెంటు సంగతి. గట్టిపడిన మాలు పైనుంచి పడే బరువును బాగా మోస్తుంది గానీ, పక్కకు లాగే బలానికి ఇటుకను వదిలేస్తుంది. కర్నూలు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కనుక, పునాది కొంచెం కదిలినా ఆ లాగుడు గోడ మీద పడుతుంది. నిలువు సందులు ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట గోడ అప్పటికే పక్కపక్కన నిలబెట్టిన రెండు స్తంభాల వంటిది; ఆ గీత వెంట దాన్ని ఆపేది మాలు ఒక్కటే. సందు మీదికి పై వరస ఇటుక వస్తే బరువు రెండు పక్కలకూ పంచుకుపోతుంది, పగులు కూడా తిన్నగా పైకి పాకలేదు. పునాదే బాగా కుంగితే ఏ బాండూ పగులును ఆపలేదన్నది కూడా నిజమే.

ఊరి చివర ఒక ప్రహరీలో నేను చూసిన పగులు పిడికిలి వెడల్పు కూడా పక్కకు తిరగకుండా అడుగునుంచి పైదాకా నిటారుగా పోయింది. కట్టినది ఇంగ్లీష్ బాండే: ఒక వరసలో ఇటుకల పొడవు కనిపించే స్ట్రెచర్లు, దానిపై వరసలో తలలు కనిపించే హెడర్లు. మరి తప్పెక్కడ? మూలనుంచి లెక్కిస్తే స్ట్రెచర్ వరసలో సందులు 9, 18 అంగుళాల దగ్గర వస్తాయి. హెడర్ వరసలో 4½, 9, 13½, 18 దగ్గర వస్తాయి. అంటే ప్రతి తొమ్మిది అంగుళాలకూ సందు మీద సందు పడుతుంది. మూల హెడర్ పక్కన 2¼ అంగుళాల క్లోజర్, అంటే పొడవునా నిలువుగా చీల్చిన సగం ఇటుక, పెడితే సందులు 6¾, 11¼, 15¾ దగ్గరికి జరుగుతాయి. కింది సందుకు ప్రతిచోటా 2¼ అంగుళాల ఎడం దొరుకుతుంది. అక్కడ మేస్త్రీ ఆ చిన్న ముక్కను చెక్కడం మానేశాడు, అంతే.

అందం మాట ఫ్లెమిష్ బాండు విషయంలో కొంత నిజం. ఒకే వరసలో స్ట్రెచర్, హెడర్ మారి మారి రావడంతో ముఖం ముచ్చటగా ఉంటుంది. కానీ అందులోనూ హెడర్ కింది స్ట్రెచర్ నడిమికి రావాల్సిందే.

ఇక వంకర. ఒక ఇటుక పొడవంత మందం ఉన్న ఈ గోడలో హెడర్ ఈ ముఖం నుంచి ఆ ముఖందాకా పోతుంది, బట్టీ ఇటుకల పొడవు మాత్రం ఒక్కలా ఉండదు. కనుక దారం కట్టి తూకం చూడగలిగేది ఒక్క ముఖానికే. రెండో ముఖంలోని ఎగుడుదిగుళ్లను ప్లాస్టర్ సర్దుకోవచ్చు. గోడే ఒరిగితే అది వేరే సంగతి. 3 మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్లకు మించి ఒరగకూడదు. మూలలు ముందు నాలుగైదు వరసలు లేపి, తూకం గుండు బిళ్లను పైన గోడకు ఆనించి, గాలి తగ్గి గుండు నిలిచాక చూడాలి. గుండుకూ గోడకూ మధ్య సందు కనిపిస్తే గోడ పైభాగం బయటికి వచ్చినట్టు. గుండు గోడకు ఒరిగి ఆనితే లోపలికి పోయినట్టు. మాలు పట్టేశాక ఇటుకను తాపీతో కొట్టి జరిపితే ఆ పట్టు విడిపోతుంది. ఇటుకను తీసి, పాత మాలు గీకి, కొత్త మాలుతో మళ్లీ పెట్టాలి.