ఆ బటన్ ఎక్కడండీ?

నేను సైటు చేసిచ్చిన బీసెంట్ రోడ్డు చీరల కొట్టాయన పొద్దున్నే ఫోన్. "ఏవండీ, ఆర్డర్ బటన్ ఏదండీ?" నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉందే! వెళ్లి ఆయన ఫోన్‌లో చూస్తే అడుగున బటన్ పై అంచు మాత్రం గీతలా కనిపిస్తోంది. పేజీని పైకి తోస్తే అడ్రస్ బార్ ముడుచుకుని, అప్పుడు బయటపడుతుంది. కొనేవాళ్లకి అంత ఓపికా?

తప్పంతా పేజీ ఎత్తుకి పెట్టిన `100vh`ది. మొబైల్లో అది బార్ ముడుచుకున్నప్పటి ఎత్తు లెక్కేస్తుంది. మరి బార్ కనిపిస్తున్నప్పుడు? ఆ మేరకు కిందికి జారుడే! 2022 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటికీ బార్‌ని బట్టి ఎత్తు మార్చుకునే `dvh` వచ్చింది కదా, ఇంకా పాత కోడే కాపీ కొట్టడమేంటి? (కొట్టింది నేనే, అది వేరే సంగతి.)

```css
.hero {
  height: 100vh;
  height: 100dvh;
}
```

పాత బ్రౌజర్ రెండో లైను వదిలేస్తుంది. కాకపోతే స్క్రోల్ చేసేటప్పుడు `dvh` ఎత్తు మారి పేజీ ఉలిక్కిపడుతుంది. అదీ చిరాకే! అందుకే ఆయనకి `100svh` పెట్టాను. అది బార్ ఉన్నప్పటి ఎత్తు దగ్గరే ఆగుతుంది.