ఏజెంట్ చెప్పిన జీతం కాగితంలో ఉందా?

కరీంనగర్, నిజామాబాద్ వైపు వీధికి ఒకరైనా గల్ఫ్ చూసి వచ్చినవాళ్లుంటారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ అనుభవం తక్కువ. ఇక్కడి వలసలు ఎక్కువగా ముంబై, పుణెలకే సాగాయి. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి నోటిమాటతో తీసుకెళ్లేవాడు. ఆ అలవాటుతోనే దుబాయ్ ఏజెంటు మాటనూ నమ్ముతున్నారు. అక్కడ చెల్లేది మాత్రం కాగితం.

ఉదాహరణకు, దేవరకొండ యువకుడికి ఏజెంటు నెలకు 1,800 దిర్హామ్‌లు, ఎనిమిది గంటల పని అన్నాడనుకుందాం. చేతికొచ్చిన ఆఫర్ లెటర్‌లో మూల వేతనం 800, భోజన భత్యం 300, ఇతర భత్యం 100 అని ఉంది. మొత్తం 1,200. అడిగితే, "మిగతాది ఓవర్‌టైమ్‌లో వస్తుంది" అన్నాడు. ఇది నిజమో కాదో లెక్క వేస్తే తెలిసిపోతుంది.

యూఏఈలో ఓవర్‌టైమ్‌ను మూల వేతనం మీదే కడతారు. 800ను ముప్పై రోజులకు, రోజుకు ఎనిమిది గంటలకు పంచితే గంటకు సుమారు 3.33 దిర్హామ్‌లు. పగటి ఓవర్‌టైమ్‌కు 25 శాతం కలిపితే 4.17. తక్కువైన 600 సంపాదించాలంటే నెలకు 144 గంటలు అదనంగా పనిచేయాలి. నెలకు 26 పనిదినాలైతే రోజుకు ఐదున్నర గంటలు. అక్కడి చట్టం సాధారణంగా రోజుకు రెండు గంటలకు మించి ఓవర్‌టైమ్‌ను ఒప్పుకోదు. అంటే రోజూ రెండేసి గంటలు చేసినా వచ్చేది 217 దిర్హామ్‌లే. చట్టం దాటకుండా 1,800 చేరడం కుదరదు.

నష్టం అక్కడితో ఆగదు. తొలి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం లెక్కన ఇచ్చే గ్రాట్యుటీ కూడా ఈ 800 మీదే. అందుకే నేనైతే మొత్తం అంకె కన్నా ముందు మూల వేతనం గడి చూస్తాను.

ఆ గడి మార్చమని అడగాల్సింది టికెట్ కొనకముందే. కార్మికుడు సంతకం చేసిన ఆఫర్ లెటర్‌లోని షరతులే అక్కడి కాంట్రాక్టులోకి వెళ్తాయి కాబట్టి, 800కు ఒప్పుకుని దిగాక 1,800 అడిగే ఆధారం ఉండదు. వాట్సాప్‌లోని వాయిస్ మెసేజ్ ఆ లోటు తీర్చదు. కొత్త అంకెతో ఆఫర్ లెటర్ మళ్లీ రావాలి. దాని మీది నంబరును యూఏఈ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది.

"విజిట్ వీసా మీద వెళ్లు, కాంట్రాక్టు అక్కడ చేయిస్తా" అన్నాడంటే పోల్చి చూసుకోవడానికి కాగితమే లేదన్నమాట. పైగా ఆ వీసా మీద పనిచేయడం నేరం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో చూడవచ్చు. లైసెన్సు ఉన్నవాడైనా తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అదీ రసీదుతో. లక్షన్నర అడిగేవాడు ఆ 1,800 దిర్హామ్‌లను కాగితంపై ఎందుకు రాయించడో ఊహించడం కష్టం కాదు.