‘అసతో మా’లో ‘మా’ అంటే మనమూ కాదు, అమ్మా కాదు, వద్దు అనీ కాదు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చదువుకునే మన తెలుగు పిల్లలకు ‘అసతో మా సద్గమయ, తమసో మా జ్యోతిర్గమయ, మృత్యోర్మాఽమృతం గమయ’ అనే మంత్రంలో ఒక్క అక్షరం దగ్గరే మూడు దారులు కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు కాబట్టి ‘మా’ అంటే మాది, మనది. బడిలో ఒడియా కాబట్టి ‘మా’ అంటే అమ్మ. కొంచెం సంస్కృతం చెవిన పడ్డ పిల్లలకైతే ‘మా’ అంటే వద్దు. ఈ మూడూ ఇక్కడ తప్పే. అయినా ఎవరూ విప్పి చెప్పరు. పైగా వాట్సాప్‌లో తిరిగే అర్థాల్లో ‘మమ్ములను అసత్యం నుండి సత్యానికి నడిపించు’ అని రాసి పంపుతారు. ఆ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. ఆ రెండింటి గురించే ఈ పోస్టు.

మొదటిది ‘మమ్ములను’. సంస్కృతంలో ‘నన్ను’ అనడానికి ‘మామ్’ అనీ ‘మా’ అనీ రెండు రూపాలున్నాయి. పొట్టి రూపం ‘మా’ వాక్యం మొదట్లో రాదు, ఇంకో మాట వెనకాలే రావాలి. పాణిని అష్టమాధ్యాయంలో దీనికి విడిగా సూత్రమే ఉంది: ‘త్వామౌ ద్వితీయాయాః’. మంత్రంలో చూడండి, ‘అసతో’ వెనక ‘మా’, ‘తమసో’ వెనక ‘మా’, ‘మృత్యోర్’ వెనక ‘మా’. మూడుసార్లూ రెండో మాటే. మమ్మల్ని అనాలంటే ‘నః’ ఉండేది. ఇది గుంపు కోసం పుట్టిన ప్రార్థన కాదు, ఒక మనిషి తన కోసం జపించేది. బడిలో నాలుగు వందల మంది కలిసి పాడినా మాట ఏకవచనమే.

మరి ‘వద్దు’ అనే అర్థం సంగతేమిటి? భజగోవిందంలో ‘మా కురు ధనజనయౌవనగర్వం’ అని మనందరికీ నోటికి వచ్చు. అక్కడ ‘మా కురు’ అంటే చేయకు. దాన్ని పట్టుకుని ‘మా గమయ’ అంటే తీసుకెళ్ళకు అని కదా అని పిల్లలు అడిగితే, వాళ్ళను కసరకండి, ఆ ప్రశ్న చాలా మంచిది. జవాబు ఈ మంత్రం ఉన్న చోటే దొరుకుతుంది. మంత్రానికి అర్థం చెబుతూ ఉపనిషత్తు ‘అమృతం మా కురు’ అంటుంది. అదే ‘మా’, అదే ‘కురు’. కానీ ఇక్కడ ‘నన్ను అమృతుణ్ణి చేయి’ అని అర్థం. అక్షరాలు మారలేదు, మాట మారింది. నా దృష్టిలో పిల్లలకు ఈ రెండు వాక్యాలూ పలక మీద పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, ఇంక ఏ వ్యాకరణమూ అక్కర్లేదు.

ఇంతకీ ఆ చోటు ఏది? బృహదారణ్యకోపనిషత్తు, మొదటి అధ్యాయం, మూడో బ్రాహ్మణం, కాణ్వపాఠంలో 28వ మంత్రం. శుక్లయజుర్వేదంలోది. మన తెలుగు వైదికుల్లో ఎక్కువమంది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయం చదివినవాళ్ళు. వాళ్ళ నిత్యపారాయణలో ఇది రాదు. ఒడిశా బ్రాహ్మణుల్లో చాలామందిది శుక్లయజుర్వేదంలోని కాణ్వశాఖ కాబట్టి ఇది వాళ్ళ సొంత ఉపనిషత్తు. ‘ఇది మన వేదంలో ఎక్కడుంది’ అని మన పంతులుగారిని అడిగి ఆయన తడుముకుంటే తప్పు పట్టకండి. పక్కవీధి ఒడియా పండితుణ్ణి అడగండి.

అక్కడ దీని పేరు శాంతిమంత్రం కాదు. పవమానాల అభ్యారోహం. సోమయాగంలో పవమాన స్తోత్రాలని మూడున్నాయి. ప్రస్తోత అనే ఋత్విజుడు సామం ఎత్తుకుంటాడు. అతను ఎత్తుకున్న ఆ వేళకే ఈ మూడు వాక్యాలూ జపించాలని చెప్పారు. అభ్యారోహం అంటే పైకెక్కడం. చివర మనం కలిపే ‘ఓం శాంతిః’ మూడుసార్లు ఆ చోట లేదు. అది తరవాతి అలవాటు. కలుపుకోవడంలో దోషం లేదు గానీ, మూలంలో ఉందని చెప్పకూడదు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ‘అసత్’ అంటే అబద్ధం అనేయడం. అబద్ధానికి సంస్కృతంలో ‘అనృతం’ ఉంది, ‘అసత్యం’ ఉంది. ఇక్కడ వాడింది ‘అసత్’. ‘అస్’ ధాతువుకు ఉండు అని అర్థం. దాని నుంచి వచ్చిన ‘సత్’ అంటే ఉన్నది, ‘అసత్’ అంటే లేనిది, నిలవనిది. తైత్తిరీయం చదివినవాళ్ళకు ‘అసద్వా ఇదమగ్ర ఆసీత్’ బాగా తెలుసు. అక్కడ ‘ముందు అబద్ధం ఉండేది’ అని ఎవరైనా అర్థం చెబుతారా?

అసలు మనం ఊహించాల్సిన పనే లేదు. మంత్రం చెప్పిన వెంటనే ఉపనిషత్తే ఒక్కో వాక్యాన్నీ విప్పుతుంది. ‘మృత్యుర్వా అసత్, సదమృతమ్’, అసత్తంటే మృత్యువే, సత్తంటే అమృతం. రెండో వాక్యానికీ అంతే: ‘మృత్యుర్వై తమో జ్యోతిరమృతమ్’, చీకటంటే మృత్యువే, వెలుగంటే అమృతం. మూడోదానికి వచ్చేసరికి ‘నాత్ర తిరోహితమివాస్తి’, ఇందులో దాగిందేమీ లేదు అని వదిలేస్తుంది. అంటే మూడు కోరికలు కావు, ఒక్క కోరికే. మూడో వాక్యం విప్పి చెప్పినది, మొదటి రెండూ మూసి చెప్పినవి. మనం మాత్రం మొదటిదాన్ని నీతిపాఠంగా, రెండోదాన్ని చదువు గురించిన మాటగా, మూడోదాన్ని చావు భయంగా ముక్కలు చేశాం. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మూలం తన అర్థం తానే చెప్పుకుంటుంటే దాని మీద మన అర్థం కప్పుతున్నాం.

మృత్యువంటే ఇక్కడ పాడె ఎక్కడం మాత్రమే కాదని ఉపనిషత్తులో ఈ మంత్రానికి ముందున్న భాగం చదివితే తెలుస్తుంది. దేవతలకూ అసురులకూ పోటీ. వాక్కు, ముక్కు, కన్ను, చెవి, మనసు ఒక్కొక్కటీ దేవతల కోసం పాడబోయి అసురుల పాపం తగిలి చెడతాయి. ముఖ్యప్రాణం మాత్రం చెడదు. అది వాక్కును మృత్యువు దాటిస్తే అగ్ని అయింది, కంటిని దాటిస్తే సూర్యుడైంది. ఆ దాటడమే తరవాత ఈ జపంలో అడిగేది. శంకరులు భాష్యంలో అసత్తుకు స్వభావసిద్ధంగా జరిగే కర్మ, జ్ఞానం అనీ, సత్తుకు శాస్త్రం చెప్పిన కర్మ, జ్ఞానం అనీ అర్థం చెప్పారు. అక్కడ కూడా అబద్ధం, నిజం అనే జంట లేదు.

‘గమయ’ సంగతి మనకు తెలుగులోనే తేలిక. నడు అంటే తాను నడవడం, నడిపించు అంటే ఇంకొకర్ని నడిచేలా చేయడం. ‘గచ్ఛ’కూ ‘గమయ’కూ ఉన్న తేడా అదే. నేను వెళ్తాను అనడం లేదు, నన్ను చేర్చు అంటున్నాడు. ఎవరిని అడుగుతున్నాడో మాత్రం మంత్రం పేరు పెట్టి చెప్పదు. ‘ఓ ప్రభూ’ అని తెలుగులో మనం కలిపింది.

ఇక రాతలో జరిగే ఘోరం. మూడో వాక్యం విడదీస్తే మృత్యోః, మా, అమృతం, గమయ. ‘మా’, ‘అమృతం’ కలిస్తే ‘మామృతం’ అవుతుంది. దీన్ని ‘మా మృతం’ అని ఎడం పెట్టి రాస్తే అర్థం తలకిందులై, ‘చావు నుంచి నన్ను చచ్చినదాని దగ్గరికి చేర్చు’ అని అవుతుంది. పాడేటప్పుడు కూడా ‘మృత్యోర్మా’ దగ్గర ఊపిరి తీసుకుని ‘మృతం గమయ’ అందుకుంటే ఇదే జరుగుతుంది. ‘మృత్యోర్మాఽమృతం గమయ’ అని అవగ్రహ చిహ్నంతో రాయించండి, ఒక్క ఊపిరిలో పాడించండి. ఊపిరి చాలని చిన్నపిల్లలైతే ‘మృత్యోర్మా’ తరవాత ఆగి ‘అమృతం గమయ’ అని అకారంతో మొదలుపెట్టినా అర్థం చెడదు.

ఒడియా లిపిలో గోడ మీద రాయించేవాళ్ళకు ఇంకొక్క మాట. ఆ లిపిలో యకారానికి రెండు అక్షరాలున్నాయి. ఒకటి ‘జ’ అని పలుకుతుంది, యమునను జమున అనేది దానితోనే. రెండోది ‘య’ అని పలుకుతుంది. తెలుగు నుంచి అక్షరానికి అక్షరం దించే మన పిల్లలు మొదటిది వేస్తే ‘గమజ’ అయి కూర్చుంటుంది. ‘గమయ’కు రెండోదే కావాలి, మూడు చోట్లా. పెయింటరు నిచ్చెన ఎక్కకముందే కాగితం మీద ఒకసారి ఒడియా మాస్టారితో చదివించండి.