ఎవరికైనా సరిపోయే కృతజ్ఞత ఎవరికీ చెప్పినట్టు కాదు

నేను పనిచేసే లాబ్‌లోని మా సార్ పోయిన నెలలో పదవీ విరమణ చేశారు. ఆ రాత్రి కూర్మన్నపాలెంలోని మా ఇంట్లో కూర్చుని ఆయనకు కృతజ్ఞతలు చెబుతూ ఒక పోస్టు రాశాను. "ఓర్పుతో, వాత్సల్యంతో నన్ను తీర్చిదిద్ది, నాలాంటి ఎందరికో దారిదీపమైన గురువుగారికి శతకోటి వందనాలు. ఈ రోజు నేనీ స్థాయిలో ఉన్నానంటే అది మీ చలవే." రాస్తున్నప్పుడు కళ్ళు చెమర్చిన మాట కూడా నిజమే. మా అక్క అది చదివి, "భలే రాశావే, వచ్చే నెల మా హెడ్మాస్టారు రిటైరవుతున్నారు, నేనూ ఇదే పెట్టేసుకోనా?" అంది. తను మెచ్చుకుంటూనే అంది కానీ, నేను మాత్రం ఆ పోస్టును అక్కడికక్కడే తీసేశాను.

శాలువా ఎవరి భుజాలకైనా సరిపోతుంది కనుకనే సభల్లో దాన్ని కప్పుతారు. కృతజ్ఞత అలా ఉండకూడదని నా అభిప్రాయం. సార్ నాకేం చెప్పారు, ఆ మాట వినక ముందు నేనేం చేసేదాన్ని, విన్న తర్వాత ఏం మారింది అనే మూడు సంగతులూ లేని పోస్టులో పొగడ్త ఉంటుంది కానీ, పొగిడించుకున్న మనిషి కనబడడు. అందుకని రెండో ప్రతిని విశేషణాలతో కాక, నాకు అక్షరాలా గుర్తున్న ఒకే ఒక్క వాక్యంతో మొదలుపెట్టాను. "ఫలితం లెక్క కట్టేదాకా ఫ్లాస్కు పారబోయకమ్మా."

ఆ వాక్యానికి వెనకున్న సంగతి చెప్పాలి. నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల లాబ్‌లో పనిచేస్తాను. మాత్రలను పొడి చేసి, తూచి, ద్రావకంలో కరిగించి, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత వరకు నింపుతాం. అందులోంచి ఒకటి రెండు మిల్లీలీటర్లు చిన్న వయల్‌లోకి తీసి హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెడితే, అది రాత్రంతా నడిచి తెల్లారేసరికి లేబుల్ మీద రాసిన మోతాదులో మందు ఎంత శాతం ఉందో చెబుతుంది. మా ఉత్పత్తికి ఆ సంఖ్య 98కీ 102కీ మధ్య ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వయల్స్ యంత్రంలోకి ఎక్కించగానే ఫ్లాస్కులన్నీ కడిగేసి షిఫ్టు బస్సుకు పరుగెత్తేదాన్ని. బల్ల ఖాళీగా మెరుస్తుంటే పని శుభ్రంగా ముగిసిందనే అనుకునేదాన్ని.

ఒక రోజు ఫలితం 96 దగ్గర ఆగింది. పరిమితి దాటిన ఫలితం వస్తే కారణం వెతికి రాయాల్సిందే తప్ప, నచ్చే సంఖ్య వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పరీక్షించడానికి వీల్లేదు. తూకం పొరపాటా, కరగకపోవడమా, యంత్రమా, లేక మందే తక్కువా? జవాబు చెప్పగలిగిన ద్రావణం అప్పటికే సింకులో పోయింది. రోజుల తరబడి కాగితాలు తిరగేసినా కారణం తేలలేదు, బ్యాచ్ ఆగిపోయింది. సార్ కేకలేయలేదు. ఆ సాయంత్రం నేను యథాప్రకారం కడగడానికి ఫ్లాస్కు వంచబోతుంటే పక్కకు వచ్చి ఆ ఒక్క వాక్యం చెప్పి వెళ్ళిపోయారు.

ఇది సార్ కనిపెట్టిన సూత్రమేమీ కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకంలో, ద్రావణాలను పారేసే ముందు ఫలితాలు చూసుకోవాలని స్పష్టంగా ఉంది. మా శిక్షణ కాగితంలోనూ ఉంది, దాని కింద నా సంతకమూ ఉంది. నియమం నాకు కాగితం మీద దొరికింది. దాన్ని చెయ్యి వంగబోయే క్షణంలో చెప్పిన మనిషి మాత్రం ఒక్కరే. పోస్టులో ఆయనకు చెందవలసిన భాగం అంతవరకేనని గుర్తించాక, ఆయన్ను మహాజ్ఞానిగా చూపించే వాక్యాలన్నీ వాటంతట అవే రాలిపోయాయి.

తర్వాత ఏం మారిందో రాయడం దగ్గర ఇంకా ఎక్కువ తడబడ్డాను. "మీ మాట నా జీవితాన్నే మార్చేసింది" అని చెయ్యి రాసేయబోయింది. నిజానికి మారింది ఒక ట్రే. ఫ్లాస్కులకు పేరు, తేదీ, తయారుచేసిన సమయం రాసిన చీటీలు అంటించి, లెక్క తేలేదాకా ఆ ట్రేలో ఉంచడం మొదలుపెట్టాను. కొన్ని నెలలకు మరో ఫలితం 95.3 వచ్చింది. ఈసారి ఫ్లాస్కు ఉంది. అనుమతి తీసుకుని అదే వయల్‌ను మళ్ళీ ఎక్కిస్తే 95.2 వచ్చింది, అంటే తప్పు యంత్రానిది కాదు. ఫ్లాస్కులోంచి కొత్త వయల్ నింపితే 95.4, అంటే వయల్‌దీ కాదు. అప్పుడు ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున సన్నటి పొడి కనిపించింది. ధ్వని తరంగాలతో కదిలించి పొడిని కరిగించే సోనికేటర్‌లో 20 నిమిషాలు ఉంచాల్సిన దాన్ని నేను 10 నిమిషాలకే తీసేశానని అప్పుడు తెలిసింది. అదే ఫ్లాస్కును మళ్ళీ సోనికేటర్‌లో ఉంచి, చల్లారాక పరీక్షిస్తే 99.6 వచ్చింది. ఆ సంఖ్య కారణం తేల్చడానికి పనికొస్తుందే కానీ ఫలితంగా వేయడానికి పనికిరాదు. అందుకే తప్పును రాసిపెట్టి, మొదటి పరీక్షను రద్దు చేయించి, పద్ధతి ప్రకారం కొత్తగా తూచి చేశాం. మొత్తం రెండు రోజుల్లో తేలింది.

ఇందులో నా పొరపాటు ఉంది కనుక దాన్ని పోస్టులో పెట్టడానికి మొదట మనసొప్పలేదు. తీసేసి చూస్తే సలహా ఎందుకు పనికొచ్చిందో అర్థం కాకుండా పోయింది. ఆ మాట విన్న తర్వాత నేను తప్పులు చేయడం మానలేదు, చేసిన తప్పు దొరకడం మొదలైంది. ఆయన సలహా వల్ల జరిగింది ఇంతే, ఇది తక్కువేమీ కాదు. ప్రమోషన్ సంగతి మాత్రం కొట్టేశాను. అది మా సీనియర్ ఒకాయన హైదరాబాద్ వెళ్ళిపోవడం వల్ల ఖాళీ అయిన కుర్చీ, దాన్ని సార్ ఖాతాలో వేస్తే ఆయనే నవ్వుతారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు కూడా తీసేశాను. కృతజ్ఞత నాదే అయినా ఆ రహస్యాలు నావి కావు కదా.

చివరికి మిగిలినది ఇది: "సార్, సింకు దగ్గర మీరన్న మాట గుర్తుంది, ఫలితం లెక్క కట్టేదాకా ఫ్లాస్కు పారబోయకమ్మా అని. అంతకుముందు నేను పారబోసేదాన్ని, ఒక బ్యాచ్‌కు కారణమే దొరకలేదు. ఆ తర్వాత ఒకసారి అదే ఫ్లాస్కు నా తప్పును నాకు చూపించింది. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు వంచబోతే నేను పక్కకు వెళ్ళి నిలబడుతున్నాను."

పెట్టే ముందు ఆయనకు పంపాను, పేరు రాయవచ్చా అని అడగాలి కదా. ఫోన్ చేసి, "నేనలా అన్నానా? నాకు గుర్తే లేదమ్మా" అన్నారు. పేరు వద్దన్నారు. కాసేపు ఆగి, "అన్నీ రాశావు కానీ ద్రావణం ఎన్ని గంటలు నిలుస్తుందో రాయలేదేం? కొన్ని మందులు ఒక్క రోజుకే చెడిపోతాయి, అలాంటి ఫ్లాస్కు దాచి మళ్ళీ పరీక్షిస్తే అబద్ధం చెబుతుంది. చదివినవాళ్ళు ఎన్నాళ్ళైనా దాచుకుంటారు" అన్నారు. ఆ వాక్యం చేర్చి, మళ్ళీ ఆయనకే పంపాను.