‘అర్థమైందా?’ అన్న ప్రశ్నతో పని పూర్తికాదు

“రోగికి తెలుగులో చెప్పి, ‘అర్థమైందా?’ అని అడిగి, ఆయన తలూపితే డాక్టర్ బాధ్యత తీరినట్టే. చెప్పింది తిరిగి చెప్పమనడం పెద్దవాళ్లను బడిపిల్లల్లా పరీక్షించడం. పైగా మన ఓపీల్లో దానికి సమయం ఎక్కడుంది?”

వైద్య విద్యార్థులకు సంభాషణ నైపుణ్యాలు నేర్పే తరగతిలో ఈ మాట ఏటా వింటాను. ఇందులోని ఒక్కో భాగాన్ని విడిగా పరిశీలించాలి.

మొదట తలూపడం సంగతి. తరగతిలో మేము అభినయింపజేసే సందర్భం ఇది: అరవై ఏళ్ల అమ్మకు కొత్తగా 30/70 మిశ్రమ ఇన్సులిన్ రాశారు, ఉదయం 20 యూనిట్లు, రాత్రి 10. “పొద్దున ఇరవై యూనిట్లు, రాత్రి పది వేసుకోవాలి, అర్థమైందా అమ్మా?” అని విద్యార్థి అడుగుతాడు. “అయింది బాబూ” అంటుంది. ఆ ప్రశ్నకు మన దగ్గర వచ్చే జవాబు అదొక్కటే, ఎందుకంటే బయట వరుసలో జనం నిలబడి ఉండగా డాక్టరు గారి ముందు ‘కాలేదు’ అనడం మర్యాద కాదని ఆమె భావిస్తుంది. అదే విద్యార్థి ప్రశ్న మార్చి, “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా, ఇంటికెళ్లాక మీ కోడలికి ఎలా చెబుతారు?” అంటే, “పొద్దున ఇరవై, రాత్రి పడుకునేటప్పుడు పది” అని జవాబు వస్తుంది. రాత్రి భోజనానికి ముందు వేయవలసిన మిశ్రమ ఇన్సులిన్‌ను తిన్న రెండు గంటలకు, పడుకోబోతూ వేసుకుంటే, నిద్రలో షుగర్ పడిపోవచ్చు. ‘రాత్రి’ అన్న మాటను డాక్టరు భోజనమనుకున్నారు, ఆమె నిద్ర అనుకుంది. తప్పు వినడంలో లేదు, చెప్పడంలో ఉంది.

ఇక సిరంజి తెచ్చి చూపించమంటే మరో పొరపాటు బయటపడవచ్చు. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్రమూత సిరంజి వాడాలి. మందుల షాపులో మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన నారింజ మూత సిరంజి ఇస్తే, దాని మీద 20 గీత వరకు తీసినా లోపలికి వెళ్లేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగర్ తగ్గడం లేదని డాక్టరు మోతాదు పెంచుతూ పోతారు. ఒకనాడు ఎవరో సరైన సిరంజి చేతికిస్తే, అదే గీతకు రెండున్నర రెట్ల ఇన్సులిన్ ఒంట్లోకి వెళుతుంది. ‘అర్థమైందా’ అన్న ప్రశ్న దీన్ని ఎన్నటికీ పట్టుకోలేదు. నోటితో తిరిగి చెప్పించడం కూడా పట్టుకోలేదు, అది ఒప్పుకోవాలి. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అక్షరాస్యత తక్కువైన రోగుల్లో దాదాపు 71 శాతం మంది ‘రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు’ అన్న సూచనను సరిగ్గా చెప్పగలిగారు, కానీ రోజుకు ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపమంటే 35 శాతమే సరిగ్గా చూపారు. అందుకే చేత్తో చేసే పనిని చేత్తోనే చూపించమనాలి.

తెలుగులో చెప్పడమే సరళంగా చెప్పడం కాదు. ‘మధుమేహం’, ‘అల్ప గ్లూకోజ్ స్థాయి’ తెలుగే, కానీ ఇంట్లో ఎవరూ అనరు. ‘షుగర్’, ‘షుగర్ పడిపోవడం’ అంటారు. పడిపోయినప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి అని చెబితే, ఆ మాటలతో ఆమె ఏదో ఒకటి చేయగలుగుతుంది. ‘ఖాళీ కడుపు’ కన్నా ‘పరగడుపున’ చాలామందికి వెంటనే అందుతుంది.

పరీక్షించినట్టు ఉంటుందన్న అభ్యంతరం నిజమే, కానీ అది అడిగే తీరును బట్టి వస్తుంది. “నేను ఏం చెప్పాను? చెప్పండి” అనడం పరీక్షే. పైన విద్యార్థి అన్నట్టు భారాన్ని చెప్పేవారి మీద వేసుకుంటే కాదు. జవాబు తప్పయితే అవే మాటలు గట్టిగా తిరిగి చెప్పకుండా, వేరే మాటల్లో, వేరే గుర్తులతో చెప్పి మళ్లీ అడగాలి. రెండోసారీ కుదరకపోతే ఇంట్లో మందు వేసేవారిని పిలిచి చెప్పాలి.

సమయం విషయంలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో షుగర్ రోగులపై 2003లో వెలువడిన అధ్యయనం గుర్తుంచుకోదగ్గది. డాక్టర్లు చెప్పిన 124 కొత్త విషయాల్లో 15 మాత్రమే రోగికి అందాయో లేదో చూసుకున్నారు. అలా చూసుకున్న సంప్రదింపులు సగటున 20 నిమిషాలు, చూసుకోనివి 22 నిమిషాలు పట్టాయి. రోగికి రెండు మూడు నిమిషాలే దక్కే మన ఓపీకి ఆ లెక్కను నేరుగా తేలేము, ఎందుకంటే అక్కడ మిగిలే సమయం మన దగ్గర అసలు లేదు. కాబట్టి అన్నీ అడగనక్కర లేదు. కొత్తగా మొదలైన మందు, మోతాదు మారిన మందు, తప్పితే ప్రాణం మీదికి వచ్చే మందు, ఈ మూడింటిలో ఆ రోజు వర్తించే ఒక్కదాన్ని అడగాలి. మిగతాది నర్సుకు అప్పగించి, ఇన్సులిన్ అయితే ఆ రోగి తెచ్చుకున్న సీసా, సిరంజితోనే, ఆమె ఎదుట మోతాదు తీయించి చూడమనాలి.