'రెండే మ్యాచ్‌లు ఆడింది' గారికి

సెకండ్ హ్యాండ్ బ్యాట్ ప్రకటన గారికి,

నమస్కారం. మీకు నేను తెలియకపోవచ్చు గానీ నాకు మీరు బాగా తెలుసు. రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోన్ వెలుతురు తగ్గించుకుని మిమ్మల్ని చదివే నలభై ఏళ్లు దాటిన మగవాళ్లలో నేనొకడిని. ఆదివారం లెదర్ బాల్ మ్యాచ్‌లో ఏడో నంబర్‌లో దిగుతాను. అలాంటివాడు పాతిక వేలు పెట్టి కొత్త బ్యాట్ కొంటానంటే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. అందుకే మీ గుమ్మం తొక్కేది.

కిందటి నెల మీరు ఇలా కనిపించారు: "గ్రేడ్ 1 ఇంగ్లిష్ విల్లో. 12 గ్రెయిన్లు. బరువు 1160 గ్రాములు. ఎస్‌హెచ్. ప్రొఫెషనల్ లెవెల్. రెండే మ్యాచ్‌లు ఆడింది, లైక్ న్యూ. 9,500 ఫిక్స్‌డ్." పక్కన ఒకే ఒక్క ఫొటో. అదీ ముందు వైపు నుంచి, సాయంత్రపు ఎండలో, పెళ్లిచూపుల ఫొటోలా.

సంచిలో వంటింటి కాటా పెట్టుకుని హైదరాబాద్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాను. బ్యాట్ కొనడానికి వచ్చినవాడు కాటా తీస్తే మీ యజమాని, ఇరవై రెండేళ్ల కుర్రాడు, నన్ను బంగారం తాకట్టు కొట్టువాడిని చూసినట్టు చూశాడు. కాటా మీద గిన్నె బోర్లించి, కాటాను సున్నాకు తెచ్చి, గిన్నె మీద బ్యాట్‌ను అడ్డంగా నిలబెట్టాను. 1265 అని చూపించింది.

"అంకుల్, మీ కాటా తేడా ఉన్నట్టుంది" అన్నాడు.

మా ఇంట్లో ఆ కాటాను అనుమానించే ధైర్యం ఎవరికీ లేదు. అయినా వాళ్లింట్లోంచే అరకిలో చక్కెర ప్యాకెట్ తెప్పించి పెట్టాం. కవరు బరువుతో కలిపి 503 చూపించింది. మరి ఆ నూట అయిదు గ్రాములు ఎక్కడివి? కుర్రాడు అబద్ధం చెప్పలేదు. బ్యాట్ వెనక కంపెనీవాడి చిన్న స్టిక్కర్ మీద 1160 అనే ఉంది. అది పుట్టినప్పటి బరువు. ఆ తర్వాత పాత గ్రిప్ తీయకుండానే దాని మీద ఇంకో గ్రిప్ ఎక్కించారు. అదొక యాభై, యాభై అయిదు గ్రాములు. ముందు వైపు అతికించిన పారదర్శకమైన షీట్ ఒక పాతిక, ముప్ఫై. అడుగున టో గార్డ్, అంచులకు ఫైబర్ టేప్ కలిపి ఇంకో పదిహేను, ఇరవై. మిగతా కాస్త తాగిన అవిసె నూనె. నలభై ఏళ్ల మనిషి బయోడేటాలో పుట్టినప్పుడు మూడు కిలోలు అని రాసుకుంటే ఎలా ఉంటుందో, మీరు రాసింది అలా ఉంది సార్.

పైగా ఇందులో ఇంకో తమాషా ఉంది. రెండో గ్రిప్ వేస్తే బరువు పెరుగుతుంది కదా, చేతిలో మాత్రం తేలిగ్గా అనిపిస్తుంది. బరువు పైచివర చేరేసరికి కింది భాగం లేవడం సులువవుతుంది. దాన్నే మావాళ్లు పికప్ అంటారు. కుర్రాడు ఆ బ్యాట్‌ను నా చేతికిచ్చి "చూడండి అంకుల్, పువ్వులా లేదూ" అన్నప్పుడు నాకూ అలాగే ఉంది. కాటా లేకపోతే నమ్మేసి వచ్చేవాడిని. తర్వాత మ్యాచ్‌లో ఇరవై బంతులాడాక మోచేతికి తెలిసొచ్చేది.

సరే, గ్రేడ్ దగ్గరికి వద్దాం. గ్రేడ్ 1 అని మీరు చెప్పింది తప్పు అననండీ. నిటారుగా, సన్నగా, పన్నెండు గీతలు, నేను లెక్కపెట్టాను. ఒక్కో గీత చెట్టుకు ఒక్కో ఏడు. కానీ ఆ గ్రేడ్ ఇచ్చింది ఎవరు? చేసిన కంపెనీవాడే. ఈ ఊళ్లో గ్రేడ్ 1, ఆ ఊళ్లో గ్రేడ్ 1 ఒకటే అని చెప్పే ముద్ర ఎక్కడా లేదు. ఒకడి 'ప్లేయర్ ఎడిషన్' ఇంకొకడి గ్రేడ్ 2. పైగా గ్రేడ్ చాలావరకు అందానికి ఇచ్చే మార్కులు. గీతలు వంకర పోయినా, ఒక పక్క చెక్క ఎర్రగా ఉన్నా, చిన్న మచ్చ ఉన్నా మార్కులు పోతాయి. బంతి ఎంత దూరం పోతుందో ఆ మార్కుల్లో లేదు. అది చెక్కను ప్రెస్ చేసిన తీరులో ఉంటుంది. ఎర్ర మచ్చల గ్రేడ్ 3 బ్యాట్‌తో మా ఓపెనర్ బంతిని నీళ్ల ట్యాంకు దాటిస్తాడు. నా కన్ను మాత్రం ఇంకా గీతల మీదే ఉంటుంది, ఏం చేస్తాం.

పన్నెండు గీతలంటే గొప్ప అని మీరు ఊరించారే, దానికి రెండో ముఖం ఉంది. దగ్గర దగ్గరగా ఎక్కువ గీతలున్న బ్యాట్ తొందరగా పలుకుతుంది, తొందరగా అలసిపోతుంది కూడా. ఆరేడు గీతలున్నది ఆటకు దించే ముందు మేలెట్ అనే చెక్క సుత్తితో ఎక్కువ కాలం కొట్టించుకుంటుంది గానీ సాధారణంగా ఎక్కువ సీజన్లు వస్తుంది. కొత్త బ్యాట్ కొనేవాడికి పన్నెండు గీతలు సంబరం. వాడిన బ్యాట్ కొనేవాడు మాత్రం ఇప్పటికే ఎంత కరిగింది అని అడగాలి.

ఇక 'ప్రొఫెషనల్ లెవెల్'. ఈ మాటకు అర్థం అడిగితే కుర్రాడు "అంటే మంచి లెవెల్ అంకుల్" అన్నాడు. నాకు కావాల్సింది అది కాదు. దీంతో ఆడింది లెదర్ బాలా, హార్డ్ టెన్నిసా, కార్కా? ఆడింది టర్ఫ్ మీదా, సిమెంట్ మీద పరిచిన మ్యాట్ మీదా? "ఎప్పుడైనా గల్లీలో కార్క్ బాల్‌తో..." అని వాడు నసిగాడు. ఆ 'ఎప్పుడైనా' దగ్గర నాకు గుండె కలుక్కుమంది. కార్క్ బంతి రాయి లాంటిది. ఇంగ్లిష్ విల్లో మెత్తటి చెక్క. దాన్ని కార్క్‌కి ఎదురు పెట్టడమంటే పట్టుచీరతో ఇల్లు తుడవడమే.

ఇప్పుడు అసలు మాట, 'రెండే మ్యాచ్‌లు, లైక్ న్యూ'. మీ మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మ్యాచ్‌లు రెండే కావచ్చు, ఎవరు కాదన్నారు? నెట్స్ ఎన్ని రోజులో మీరు చెప్పలేదు. మ్యాచ్‌లో పదిహేను బంతులు ఆడేవాడు నెట్స్‌లో ఒక్క సాయంత్రం నూట యాభై ఆడతాడు. బ్యాట్‌కి ఆ తేడా తెలియదు.

నాకు మొదట అనుమానం పుట్టించింది ముందున్న షీట్. అది మెరిసిపోతోంది, దాని కిందున్న ఎర్ర బంతి మచ్చలు మాత్రం పాతవి. మచ్చలు పడ్డాక షీట్ వేశారన్నమాట. రెండు మ్యాచ్‌ల బ్యాట్‌కి అంత తొందరగా కొత్త చొక్కా ఎందుకు? షీట్ తీయమని అడగలేను, అమ్ముకునేవాడి వస్తువు. బొటనవేలితో ముందు భాగాన్ని కింది నుంచి పైకి నొక్కుకుంటూ వెళ్లాను. టో నుంచి ఆరంగుళాల దగ్గర, బంతి ఎక్కువగా తగిలే చోట, చెక్క సన్నగా లోపలికి దిగి మళ్లీ పైకొచ్చింది. జేబులోని పాత బంతితో మెల్లగా తట్టాను. కిందా పైనా టక్ టక్ అంటోంది. ఆ అరచేతి మేర మాత్రం పుచ్చిన కొబ్బరికాయలా మొద్దుగా పలికింది.

దీన్ని డీలామినేషన్ అంటారు. ప్రెస్ చేసి గట్టిపరిచిన పైపొర, ఒకేచోట దెబ్బలు తిని తిని, కింద ఉన్న మెత్తటి చెక్కతో తెగతెంపులు చేసుకుంటుంది. బయటికి గీటు కూడా కనపడకపోవచ్చు. బంతి తగిలినప్పుడు మాత్రం ఆ చోట బలం ఉండదు. జిగురు ఎక్కించి కొన్నాళ్లు లాగొచ్చు, పాత పలుకు మాత్రం రాదు.

న్యాయంగా చెప్పాలంటే మిగతా ఒళ్లు బాగానే ఉంది. ముందు వైపు గీతల వెంట సన్నటి పగుళ్లు ఉన్నాయి, అవి ఆడిన బ్యాట్‌కి సహజం. అంచున టేప్ కింద చీలిక ఉంది, అదీ అతికేదే. టో మ్యాట్ కింది సిమెంట్‌కి అరిగింది గానీ నీళ్లు పీల్చి ఉబ్బలేదు. రెండు చేతులా పట్టి హ్యాండిల్ వంచితే కిర్రుమనలేదు. వీపున అడ్డంగా పగులు లేదు. అలాంటిది ఒక్కటున్నా గుమ్మంలోంచే వెనక్కి వచ్చేవాడిని.

"తమ్ముడూ, ఇక్కడ నొక్కి చూడు" అని వాడి బొటనవేలు పట్టి అక్కడ పెట్టించాను. వాడి మొహం వాడిపోయింది. నిజంగా వాడికి తెలియదు. వాడూ మీలాంటి ప్రకటన ఒకటి చదివే కొన్నాడట, ఆరు నెలల కిందట, 'రెండే మ్యాచ్‌లు ఆడింది' అని. అంటే ఆ రెండు మ్యాచ్‌లు పోయినసారి అమ్మినవాడివి. మీరు వాడి దగ్గర్నుంచి అక్షరం పొల్లుపోకుండా వారసత్వంగా వచ్చారు.

మూడు వేలకు తెచ్చుకున్నాను. తప్పే. జాలి పడ్డాను, పన్నెండు గీతలకు కూడా పడ్డాను.

ఒక నెల ఆడాక మొన్న నేనే అమ్మకానికి పెట్టాను. మిమ్మల్ని మాత్రం రానివ్వలేదు. ఇలా రాశాను: "ఇంగ్లిష్ విల్లో, కంపెనీ చెప్పిన గ్రేడ్ 1, 12 గీతలు. రెండు గ్రిప్‌లు, షీట్, టో గార్డ్‌తో కలిపి బరువు 1265, కాటా ఫొటో ఉంది. సైజు ఎస్‌హెచ్. లెదర్ బాల్‌తో, కొన్నాళ్లు కార్క్‌తో ఆడారు. నేను మూడో ఓనర్‌ని. టో నుంచి ఆరంగుళాల దగ్గర పైపొర లేచింది, నొక్కితే తెలుస్తుంది. అంచు చీలికకు టేప్ ఉంది. నెట్స్‌లో త్రోడౌన్లకు పనికొస్తుంది, మ్యాచ్‌కి కాదు. 1,500." ముందు, వెనక, రెండు అంచులు, టో, హ్యాండిల్ కలిసే చోటు, కాటా, అన్నీ కలిపి ఏడు ఫొటోలు పెట్టాను.

నాలుగు రోజులకు ఒకే ఒక్క ఫోన్ వచ్చింది.

"అన్నా, ఎస్‌హెచ్ అని పెట్టారు, సెకండ్ హ్యాండేనా? మూడో ఓనర్ అంటే థర్డ్ హ్యాండ్ అవుతుంది కదా?"

ఎస్‌హెచ్ అంటే షార్ట్ హ్యాండిల్ అని, పెద్దవాళ్ల మామూలు సైజేనని ఓపికగా చెప్పాను. అంతా విని అడిగాడు:

"అవన్నీ సరే అన్నా. ఎన్ని మ్యాచ్‌లు ఆడింది?"

నోటి దాకా మీరే వచ్చారు సార్.

ఇట్లు,
ఏడో నంబర్ బ్యాట్స్‌మన్