పోర్టు నంబరు లేని ఆనవాలు

విశాఖ మద్దిలపాలెంలో ఒక పెద్దాయన ఖాతాలోంచి డబ్బు మాయమైందనుకుందాం. ఆయన సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. లాగిన్ అయింది ఎవరని పోలీసులు అడిగితే బ్యాంకు రెండే వివరాలు పంపింది: 203.0.113.7 అనే ఐపీ అడ్రసు, 18:42:10 అనే సమయం. అడ్రసు ఒక మొబైల్ ఆపరేటర్‌దని తేలింది. ఇక దొంగ దొరికినట్టేనని ఎవరైనా అనుకుంటారు. దర్యాప్తు ఇరుక్కుపోయేది సరిగ్గా అక్కడే.

పాత పద్ధతి అయిన ఐపీవీ4లో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. ఫోన్లేమో పెరుగుతూనే ఉన్నాయి. అందుకే ఆపరేటర్లు ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి పంచుతున్నారు. దీన్నే నాట్ అంటారు. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటుకు డోర్ నంబరు ఒకటే ఉన్నా లోపల ఫ్లాట్లు ఎన్నో ఉన్నట్టే ఇదీ. ఇక్కడ ఫ్లాట్ నంబరు పని చేసేది పోర్టు నంబరు.

ఒక అడ్రసుకు 65,536 పోర్టులుంటాయి. మొదటి 1,024 పక్కనపెట్టి, మిగిలినవాటిని ఒక్కొక్కరికి 512 చొప్పున పంచితే ఒకే అడ్రసు మీద ఒకే సమయంలో 126 మంది ఉంటారు. బ్యాంకు తన లాగ్‌లో పోర్టు 30,733 అని కూడా రాసుకుని ఉంటే, అది 30,720 నుంచి 31,231 వరకున్న వాటాలోనిదని, ఆ క్షణాన ఆ వాటా ఫలానా సిమ్‌దని ఆపరేటర్ తన రికార్డులు చూసి చెప్పగలడు. పోర్టు లేకపోతే ఇవ్వగలిగింది 126 పేర్ల జాబితా మాత్రమే. వాళ్లలో పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు ఉండొచ్చు, ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముకునే ఆవిడ ఉండొచ్చు. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఆ ఇళ్లలో ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

సమయంతో ఇంకో చిక్కు ఉంది. 18:42 అన్నది మన సమయమా, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీనా? చాలా సర్వర్లు యూటీసీలోనే రాస్తాయి. అలాంటప్పుడు లాగిన్ జరిగింది మన లెక్కలో అర్ధరాత్రి దాటాక 12:12కి, అంటే మర్నాటి తేదీన. వాడనప్పుడు ఆ పోర్టుల వాటా వేరొకరికి వెళ్లిపోతుంది కాబట్టి, అయిదున్నర గంటల తేడా పోలీసులను సంబంధం లేని మనిషి గుమ్మం ముందు నిలబెడుతుంది. సర్వర్ గడియారం కొన్ని నిమిషాలు తప్పినా అదే ప్రమాదం. సర్వర్లు పోర్టునూ, కచ్చితమైన సమయాన్నీ నమోదు చేయాలని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2011లోనే ఆర్‌ఎఫ్‌సీ 6302లో సిఫారసు చేసింది.

కొత్త పద్ధతి అయిన ఐపీవీ6లో ఈ తంటా చాలావరకు ఉండదు. అక్కడ అడ్రసు 128 బిట్లు. సాధారణంగా మొదటి 64 బిట్ల ముందుభాగాన్ని ఆపరేటర్ ఒక్కో ఫోన్‌కు విడిగా ఇస్తాడు. గోప్యత కోసం ఫోన్ వెనక సగాన్ని మార్చుకుంటున్నా, ముందుభాగం ఆ సమయంలో ఆ సిమ్‌దే. ఫోన్ మళ్లీ కనెక్ట్ అయితే అదీ మారొచ్చు కాబట్టి సమయం అవసరం మాత్రం పోదు. మన దేశపు మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 ఇప్పటికే విస్తారంగా నడుస్తోంది. మనలో చాలామంది తెలియకుండానే వాడుతున్నాం.

మరి పెద్దాయన కేసులో అది ఎందుకు అక్కరకు రాలేదు? అవతలి సర్వర్ ఐపీవీ4 మాత్రమే మాట్లాడితే, ఫోన్‌కు కొత్త అడ్రసు ఉన్నా ఆపరేటర్ మధ్యలో దాన్ని పాత అడ్రసుగా మార్చి పంపాల్సిందే. ఆ మార్పిడిలో ఫోన్ మళ్లీ ఉమ్మడి అడ్రసు కిందికే వస్తుంది. నెట్‌వర్క్ మారితే సరిపోదు, సర్వర్ కూడా మారాలి. ఏ సైట్ మారిందో తెలుసుకోవడానికి లినక్స్‌లో ఒక్క ఆదేశం చాలు:

```
dig +short AAAA example.com
```

ఐపీవీ6 అడ్రసు వస్తే ఆ సైట్‌కు కొత్త దారి ఉన్నట్టు. ఏమీ రాకపోతే దాదాపుగా పాత దారే.

ఆపరేటర్లను తిట్టడం తేలిక. ఈ విషయంలో మా వేలు మాత్రం సర్వర్లు నడిపేవారి వైపే చూపిస్తోంది. విశాఖ ప్రజల డబ్బూ దస్తావేజులూ ఉండే బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, కాలేజీలు తమ సైట్లకు ఐపీవీ6 ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా లాగిన్ రికార్డులో పోర్టు నంబరు, సమయం పక్కన అది మన సమయమో, యూటీసీనో రాయాలి. చాలా వెబ్ సర్వర్లలో ఇది లాగ్ ఫార్మాట్‌లో ఒక వరుస మార్పు. సర్వర్ల ముందు, వచ్చే రద్దీని వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంటే మాత్రం అసలు పోర్టు అక్కడే ఆగిపోతుంది కాబట్టి, దాన్ని అక్కడే నమోదు చేయాలి. పోలీసులు కూడా బ్యాంకుకు రాసే మొదటి లేఖలోనే పోర్టు నంబరు అడగాలి. ఆపరేటర్ నుంచి 126 పేర్లు వచ్చాక బ్యాంకును అడిగితే, అసలు నమోదే చేయని పోర్టును అది ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది?